వీసా అపాయింట్‌మెంట్ మెయిల్: తెలుగు అనువాదం

కొండూరి సుబ్బారావు గారికి, వెంకటలక్ష్మి గారికి నమస్కారం.

మీ ఇద్దరి అమెరికా బి1/బి2 విజిటర్ వీసా అపాయింట్‌మెంట్ గురించి ఇంగ్లీషులో వచ్చిన మెయిల్‌కు ఇది తెలుగు. ఈ కాగితం మీరు చదివి అర్థం చేసుకోవడానికి మాత్రమే. గేటు దగ్గర చూపించాల్సింది ఇంగ్లీషు ప్రింటు. నంబర్లలో, తేదీల్లో, పేర్ల స్పెల్లింగులో ఒక్క అక్షరం కూడా మార్చలేదు. కాగితాల జాబితాలో వరుస, లెక్క రెండూ మెయిల్‌లో ఉన్నట్టే ఉన్నాయి. చదరపు బ్రాకెట్లలో ఉన్న మాటలు మాత్రం నావి, మెయిల్‌లోవి కావు.

మెయిల్

Subject: Visa Appointment Confirmation - B1/B2 - Hyderabad
[ఫోన్‌లో వెతికితే మెయిల్ దొరకాలని ఈ వరుసను ఇంగ్లీషులోనే ఉంచాను.]

దరఖాస్తుదారులకు,

మీ అపాయింట్‌మెంట్లు ఖరారయ్యాయి. దయచేసి ఈ కింది వివరాలను మీ పాస్‌పోర్ట్‌తో సరిచూసుకోండి.

అపాయింట్‌మెంట్ కన్ఫర్మేషన్ నంబర్: HYD-7741-20936
ఫీజు రసీదు నంబర్: 4096715283
వీసా తరగతి: B1/B2
దరఖాస్తుదారుల సంఖ్య: 2

దరఖాస్తుదారు 1
Surname: KONDURI
Given Name: SUBBA RAO
DS-160: AA00F3M8QD

దరఖాస్తుదారు 2
Surname: KONDURI
Given Name: VENKATA LAKSHMI
DS-160: AA00F3N1TB

మొదటి అపాయింట్‌మెంట్: వేలిముద్రలు, ఫొటో
తేదీ: 12 మార్చి 2026, గురువారం
సమయం: ఉదయం 9:15
స్థలం: వీసా అప్లికేషన్ సెంటర్, లోయర్ కాన్‌కోర్స్, హైటెక్ సిటీ మెట్రో స్టేషన్, మాదాపూర్, హైదరాబాద్ 500081

రెండో అపాయింట్‌మెంట్: ఇంటర్వ్యూ
తేదీ: 16 మార్చి 2026, సోమవారం
సమయం: ఉదయం 8:30
స్థలం: అమెరికా కాన్సులేట్ జనరల్, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, నానక్‌రామ్‌గూడ, హైదరాబాద్ 500032

రెండు చోట్లకూ దరఖాస్తుదారులు ఇద్దరూ స్వయంగా రావాలి. మొదటి అపాయింట్‌మెంట్ పూర్తి కాకుండా రెండోదానికి రానివ్వరు.

తప్పనిసరిగా తేవలసినవి (ప్రతి దరఖాస్తుదారుకూ విడిగా):

1. ప్రస్తుత పాస్‌పోర్ట్, ఒరిజినల్. అమెరికాలో ఉండదలచిన గడువు ముగిశాక కనీసం 6 నెలల వరకు చెల్లుబాటులో ఉండాలి.
2. పాత పాస్‌పోర్ట్‌లు ఉంటే, అన్నీ.
3. DS-160 కన్ఫర్మేషన్ పేజీ ప్రింటు. బార్‌కోడ్ స్పష్టంగా కనిపించాలి.
4. అపాయింట్‌మెంట్ కన్ఫర్మేషన్ లెటర్ ప్రింటు.
5. ఫొటో 1. కొలత 2 x 2 అంగుళాలు (51 x 51 మి.మీ.), తెల్లని బ్యాక్‌గ్రౌండ్, గత 6 నెలల్లో తీసినది, కళ్లద్దాలు లేకుండా.

మీ దగ్గర ఉంటే తీసుకురాదగినవి:

6. ప్రయాణ ఉద్దేశాన్ని తెలిపే కాగితాలు.
7. ఆదాయం, ఆస్తి లేదా ఉద్యోగానికి సంబంధించిన కాగితాలు.
8. అమెరికాలో మీరు కలవబోయే కుటుంబ సభ్యుల ఇమ్మిగ్రేషన్ హోదా తెలిపే కాగితాల నకళ్లు.

పై 6 నుంచి 8 వరకు ఉన్నవాటిని అధికారి అడగవచ్చు, అడగకపోవచ్చు.

DS-160 నంబర్: అపాయింట్‌మెంట్ తీసుకున్నప్పుడు ఇచ్చిన నంబరూ, ఇంటర్వ్యూకు తెచ్చే కన్ఫర్మేషన్ పేజీ మీది నంబరూ ఒకటే కావాలి. తర్వాత కొత్త DS-160 సమర్పించి ఉంటే, అపాయింట్‌మెంట్ ప్రొఫైల్‌లో నంబరు మార్చుకోండి.

సమయం: మీకిచ్చిన సమయానికి 15 నిమిషాలు ముందు చేరుకోండి. అంతకన్నా ముందు వచ్చిన వారిని లోపలికి పంపరు.

భద్రత: మొబైల్ ఫోన్లు, స్మార్ట్‌వాచీలు, ల్యాప్‌టాప్‌లు, ఇతర ఎలక్ట్రానిక్ పరికరాలను కాన్సులేట్‌లోకి అనుమతించరు. వాటిని భద్రపరచే ఏర్పాటు లేదు.

తేదీ మార్పు: అదనపు ఫీజు లేకుండా 1 సారి మార్చుకోవచ్చు. రెండోసారి మార్చాలన్నా, అపాయింట్‌మెంట్‌కు హాజరు కాకపోయినా, మళ్లీ ఫీజు చెల్లించి కొత్తగా అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. ఫీజు 185 డాలర్లు (ఒక్కొక్కరికి). చెల్లించిన ఫీజు తిరిగి ఇవ్వరు. రసీదు, చెల్లించిన తేదీ నుంచి 365 రోజులు చెల్లుతుంది.

ఇది కంప్యూటర్ ద్వారా పంపిన సందేశం. దీనికి జవాబు పంపకండి.

మీ కోసం నా గమనికలు

DS-160 అంటే ఆన్‌లైన్‌లో నింపిన వీసా దరఖాస్తు. ముందు ఆ DS-160 నంబర్లు చూడండి, ఎక్కువగా తికమక పడేది వీటి దగ్గరే. రెండూ AA00F3 తోనే మొదలవుతాయి. AA తర్వాత ఉన్నవి రెండు సున్నాలు, ఓ అక్షరాలు కావు. తేడా చివరి నాలుగు అక్షరాల్లోనే ఉంది: సుబ్బారావు గారిది M8QD, వెంకటలక్ష్మి గారిది N1TB. ఫోన్‌లో చెబితే ఎమ్, ఎన్ ఒకేలా వినిపిస్తాయి కాబట్టి ఎవరికీ నోటితో చెప్పకండి, రాసి చూపించండి. N తర్వాత ఉన్నది ఒకటి అంకె. ఒకరి పేజీ మరొకరి ఫైల్లో పడకుండా ఎవరి కవరు వారికి విడిగా పెట్టుకుని, పైన పేరు రాసుకోండి.

కన్ఫర్మేషన్ పేజీ ఒక్క పేజీయే ఉంటుంది, దాని మీద ఫొటో, బార్‌కోడ్ ఉంటాయి. నెట్ సెంటర్‌లో "దరఖాస్తు ప్రింటు" అని అడిగితే మీరు నింపిన ప్రశ్నలు, జవాబులతో చాలా పేజీలు ఇస్తారు, అది ఇది కాదు. ప్రింటులో బార్‌కోడ్ మసకగా వస్తే మళ్లీ తీయించండి. మడత బార్‌కోడ్ మీదుగా పోకుండా చూడండి.

ఒరిజినల్ అన్న మాట పాస్‌పోర్ట్ దగ్గర మాత్రమే ఉంది. ఎనిమిదో అంశంలో నకళ్లు అని ఉంది కాబట్టి, మీ అబ్బాయి తన ఒరిజినల్ కాగితాలను కొరియర్‌లో పంపక్కర్లేదు.

"తప్పనిసరిగా", "ఉంటే" అనే రెండు మాటలను మెయిల్‌లో ఎక్కడెక్కడ ఉన్నాయో అక్కడే ఉంచాను. రెండో జాబితాలోని కాగితాలు లేవని అపాయింట్‌మెంట్ ఆగదు. మొదటి జాబితాలో ఒక్కటి తగ్గినా ఇబ్బందే. పాత పాస్‌పోర్ట్‌లు రెండో జాబితాలోవని అనుకునేవాళ్లు చాలామంది, కానీ అవి మొదటి జాబితాలో ఉన్నాయి. ఉన్నవన్నీ తీసుకెళ్లాలి, గడువు అయిపోయినవీ, మూల కత్తిరించినవీ కూడా.

తేదీల్లో రోజు, నెల, సంవత్సరం అన్న వరుస మెయిల్‌లోదే. నెల పేరు అక్షరాల్లోనే ఉంది కాబట్టి దాన్ని అంకెల్లోకి మార్చలేదు. 365 రోజులను కూడా "ఏడాది" అని రాయలేదు. రసీదు మీదున్న తేదీ నుంచి లెక్క కట్టుకోవడమే సరైన పద్ధతి.

రెండు స్థలాలూ వేరు, రోజులూ వేరు. కాన్సులేట్ 2023 మార్చి వరకు బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో ఉండేది. ఇప్పటికీ కొందరు ఆటోవాళ్లు అటే తీసుకెళ్లబోతారు. నానక్‌రామ్‌గూడ అని గట్టిగా చెప్పండి. సోమవారం ఉదయం ఆ దారిలో ఆఫీసులకు వెళ్లేవాళ్ల రద్దీ ఎక్కువ. 8:15 కల్లా అక్కడ ఉండాలి కాబట్టి ముందురోజు రాత్రికే హైదరాబాద్ చేరుకుని, గచ్చిబౌలి వైపే బస చేయడం మంచిది. ఫోన్లను లోపలికి రానివ్వరు కాబట్టి ఆటో బుకింగ్, మీ అబ్బాయికి కబురు లాంటివన్నీ గేటు బయట ఎవరో ఒకరు చూసుకోవాలి. బయట నిలబడేవారి నంబరు ఒక కాగితం మీద రాసి వెంకటలక్ష్మి గారి దగ్గర ఉంచండి.

Given Name దగ్గర SUBBA, RAO ల మధ్య ఖాళీ ఉంది. మీ పాస్‌పోర్ట్‌లోనూ అలాగే ఉందో లేదో చూసి, కలిపి ఉంటే ఈ వారంలోనే నాకు చెప్పండి. అప్పుడు ఇంటర్వ్యూ కంటే ముందే ఏం చేయాలో చూసుకునే వీలుంటుంది.