విస్తరణ మానాల పాఠం: సుజాత వదిన కోసం క్లుప్తంగా

వదినా, పుస్తకంలో ఈ పాఠం మొదటి పేజీలోనే సూత్రాలతో మొదలవుతుంది. ఇంటర్ అయ్యి ఇరవై ఏళ్లు దాటిన వాళ్లకు అక్కడే టెన్షన్ పుడుతుంది. అందుకే ముందు పాత సామాను దులుపుదాం, పాఠం సంగతి ఆ తర్వాత. ఇది తాపీగా చదవండి, పక్కన పెన్ను, కాగితం ఉంచుకోండి.

ముందు కావలసినవి

సగటు మీకు తెలిసిందే. అన్నీ కూడి, ఎన్ని ఉన్నాయో దానితో భాగించడం. మీ కర్రీ పాయింట్‌లో ఐదు రోజులు పప్పు ప్యాకెట్లు 48, 50, 52, 49, 51 అమ్ముడయ్యాయనుకోండి. మొత్తం 250, సగటు 50. పుస్తకంలో దీన్ని x̄ అని రాస్తారు. Σ అంటే ‘అన్నీ కూడు’ అని చెప్పే గుర్తు మాత్రమే. అది కనిపిస్తే భయపడాల్సిన పని లేదు.

రుణ సంఖ్యలు: 48 నుంచి 50 తీసేస్తే −2. సగటు కంటే రెండు తక్కువ అని దాని అర్థం. రుణ సంఖ్యను అదే సంఖ్యతో గుణిస్తే ధన సంఖ్య వస్తుంది: (−2) × (−2) = 4. ఇదే వర్గం. సైంటిఫిక్ క్యాలిక్యులేటర్‌లో బ్రాకెట్ లేకుండా −2² కొడితే −4 చూపిస్తుంది. (−2)² అని బ్రాకెట్‌తోనే కొట్టండి. పరీక్షలో మార్కులు పోయేది ఎక్కువగా ఇలాంటి చోటే.

వర్గమూలం దానికి తిరుగుదారి. 520కి వర్గమూలం ఎంత? 22 × 22 = 484, 23 × 23 = 529. కాబట్టి జవాబు 22కి, 23కి మధ్యలో, 23కి దగ్గరగా ఉంటుంది. క్యాలిక్యులేటర్ 22.8 చూపిస్తుంది. ఇలా ముందే అంచనా వేసుకుంటే తప్పు బటన్ నొక్కినా వెంటనే తెలిసిపోతుంది.

ఇక పాఠం

ఇప్పుడు ఇంకో కొట్టు చూడండి. అక్కడ ఐదు రోజులు 20, 80, 50, 30, 70 ప్యాకెట్లు పోయాయి. సగటు అక్కడా 50 వస్తుంది. కానీ రేపు ఎన్ని వండాలో ఆ కొట్టావిడకు ఎలా తెలుస్తుంది? ఒకరోజు మిగిలిపోతుంది, ఇంకోరోజు చాలదు. సగటు చెప్పలేని ఈ తేడాను కొలవడమే పాఠమంతా.

వ్యాప్తి చాలా సులువు: పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయాలి. మీకు 4, ఆవిడకు 60. కానీ ఒక్క పండగ రోజు అమ్మకం పెరిగినా ఇది మారిపోతుంది. అందుకే దీని మీద పూర్తిగా ఆధారపడలేం.

మరి ప్రతి రోజూ సగటుకు ఎంత దూరంలో ఉందో చూసి, ఆ దూరాలను కూడితే? మీ లెక్కలో −2, 0, 2, −1, 1. కూడితే సున్నా! ఏ లెక్క తీసుకున్నా సున్నాయే వస్తుంది, ఎందుకంటే సగటు ఉండేదే ఆ సమతూకంలో. ఈ సున్నాను తప్పించడానికి రెండు దారులున్నాయి. గుర్తులు పట్టించుకోకుండా కూడి సగటు తీస్తే మధ్యమ విచలనం: 6 ÷ 5 = 1.2. వర్గాలు చేసి సగటు తీస్తే విస్తృతి: (4 + 0 + 4 + 1 + 1) ÷ 5 = 2.

విస్తృతిలో ఒక ఇబ్బంది ఉంది. ప్యాకెట్లను వర్గం చేశాం కాబట్టి అది ‘ప్యాకెట్ల వర్గం’లో ఉంటుంది, దానికి నిత్యవ్యవహారంలో అర్థం లేదు. అందుకే వర్గమూలం తీసి మళ్లీ ప్యాకెట్లలోకి వస్తాం. అదే ప్రామాణిక విచలనం, ఇందులో N అంటే మొత్తం ఎన్ని ఉన్నాయో ఆ సంఖ్య:

σ = √( Σ(x − x̄)² / N )

మీకు √2, అంటే దాదాపు 1.4. ఆవిడకు 900 + 900 + 0 + 400 + 400 = 2600, ఐదుతో భాగిస్తే 520, వర్గమూలం 22.8. రెండు కొట్ల తేడా ఇప్పుడు కళ్లకు కడుతుంది. ఇంగ్లీషులో ఈ కొలతకు స్టాండర్డ్ డీవియేషన్ అని పేరు పెట్టింది కార్ల్ పియర్సన్, 1890లలో.

ఎక్సెల్‌లో సరిచూసుకోవాలంటే:

```
=STDEV.P(48,50,52,49,51)
```

1.414 వస్తుంది. STDEV.S వాడితే 1.58 వస్తుంది, అది 5 బదులు 4తో భాగిస్తుంది. మన దగ్గరున్నది పెద్ద గుంపులోంచి తీసిన నమూనా అయినప్పుడు వాడేది అది. ఈ పాఠంలో N తోనే భాగించండి.

విచలనాంకం చివరిది. పప్పు సగటు 200, ప్రామాణిక విచలనం 10. పెరుగు సగటు 10, ప్రామాణిక విచలనం 2 అనుకోండి. పైపైన చూస్తే పప్పు ఎక్కువ ఊగుతున్నట్టుంటుంది. ప్రామాణిక విచలనాన్ని సగటుతో భాగించి 100తో గుణించండి: పప్పుకు 5 శాతం, పెరుగుకు 20 శాతం. నిలకడ లేనిది పెరుగే. ‘ఏది స్థిరంగా ఉంది?’ అని ప్రశ్న అడిగితే, విచలనాంకం తక్కువ ఉన్నదాన్ని రాయాలి.

పౌనఃపున్యం అంటే ఒక విలువ ఎన్నిసార్లు వచ్చిందో ఆ సంఖ్య. పౌనఃపున్య పట్టికలు కూడా ఇదే లెక్క. ప్రతి (x − x̄)²నీ దాని పౌనఃపున్యంతో గుణించి, అన్నీ కూడి, మొత్తం పౌనఃపున్యంతో భాగించి, వర్గమూలం తీస్తారు, అంతే. ముందుగా పట్టిక లేని లెక్కలు ఓ నాలుగు చేతితో చేయండి. నిలువు వరుసలు మూడు గీసుకోండి: x, x − x̄, (x − x̄)². రెండో వరుస మొత్తం సున్నా రాకపోతే అక్కడే ఆగి, సగటు మళ్లీ చూడండి.