సున్నీ, షియా శాఖలు ఎలా ఏర్పడ్డాయి? (ఇంటర్మీడియట్ చరిత్ర విద్యార్థులకు)

క్రీ.శ. 632లో మదీనాలో మహమ్మద్ ప్రవక్త మరణించగానే, ముస్లిం సమాజానికి ఇకపై నాయకుడు ఎవరన్న ప్రశ్న తలెత్తింది. ప్రవక్తకు అల్లుడు, తండ్రి సోదరుని కుమారుడు కూడా అయిన అలీ అంత్యక్రియల ఏర్పాట్లలో ఉండగా, సఖీఫా అనే చోట సమావేశమైన మదీనా ప్రముఖులూ, మక్కా నుంచి వలస వచ్చిన కొందరు పెద్దలూ వాదోపవాదాల అనంతరం అబూబకర్‌ను ఖలీఫాగా ఎన్నుకున్నారు. ఆ ఎన్నికను అంగీకరించినవారి వర్గం కాలక్రమంలో సున్నీ శాఖగా, అలీకే ఆ హక్కు ఉందని భావించినవారి వర్గం షియా శాఖగా రూపొందాయి. అంటే మొదట వచ్చిన తగాదా నాయకత్వం గురించినదే గాని దేవుని గురించో, ఖురాన్ గురించో కాదు. పరీక్షల్లో చాలామంది తడబడేది ఇక్కడే.

అబూబకర్, ఉమర్, ఉస్మాన్‌ల తర్వాత 656లో అలీ నాలుగో ఖలీఫా అయ్యారు. ఉస్మాన్ హత్యకు ప్రతీకారం కోరిన సిరియా పాలకుడు ముఆవియాతో 657లో సిఫ్ఫీన్ వద్ద యుద్ధం జరిగింది; 661లో అలీ కూఫాలో హత్యకు గురికాగా అధికారం ఉమయ్యద్ వంశం చేతికి వెళ్లింది. ముఆవియా కుమారుడు యజీద్‌ను పాలకుడిగా అంగీకరించని అలీ కుమారుడు హుస్సేన్, కూఫా ప్రజల పిలుపుపై బయలుదేరి, 680 అక్టోబరు 10న (ముహర్రం 10) కర్బలాలో కొద్దిమంది అనుచరులతో సహా చంపబడ్డారు. యూఫ్రటీస్ నది దగ్గరలోనే ఉన్నా, వారికి నీరు అందకుండా సైన్యం అడ్డుకుంది. రాజకీయ విభేదం మతపరమైన అస్తిత్వంగా గట్టిపడటంలో ఈ ఘటనదే పెద్ద పాత్ర. సిద్ధాంతపరమైన తేడాలు మాత్రం తర్వాతి శతాబ్దాల్లో మెల్లగా రూపుదిద్దుకున్నాయి.

కింది పట్టికలో షియాలంటే వారిలో అధిక సంఖ్యాకులైన, పన్నెండుమంది ఇమామ్‌లను విశ్వసించేవారని గ్రహించాలి.

| అంశం | సున్నీ | షియా |
|---|---|---|
| నాయకత్వం | సమాజం ఆమోదించిన అర్హుడు | ప్రవక్త కుటుంబంలో అలీ, ఆయన సంతతి |
| మొదటి ముగ్గురు ఖలీఫాలు | సన్మార్గ పాలకులు | అలీ హక్కు దాటవేసి వచ్చినవారు |
| గదీర్ ఖుమ్ వద్ద అలీ గురించి ప్రవక్త చెప్పిన మాట | అలీ పట్ల గౌరవం, అభిమానం | వారసుడిగా నియామకం |
| ఇమామ్ | నమాజు చేయించేవారు, పండితులు | దైవ నియుక్తులైన, తప్పు చేయని మార్గదర్శకులు |
| ఆషూరా (ముహర్రం 10) | ఐచ్ఛిక ఉపవాసం | హుస్సేన్ కోసం సంతాపం |

ఖురాన్, నమాజు, రంజాన్ ఉపవాసం, హజ్ రెండు శాఖలకూ ఉమ్మడివి. ప్రపంచ ముస్లింలలో అత్యధికులు సున్నీలు. ఇరాన్, ఇరాక్‌లలో షియాలే ఎక్కువ. గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీలు షియాలు కావడం వల్ల ఆషూరా సంప్రదాయం మన ప్రాంతంలోనూ వేళ్లూనుకుంది. హైదరాబాద్ పాతబస్తీలో ఏటా బయలుదేరే బీబీకా అలం ఊరేగింపులో, హిందువులు కూడా పాల్గొనే పల్లెల పీర్ల పండుగలో అది కనిపిస్తుంది.

అభ్యాసం: సఖీఫా, సిఫ్ఫీన్, కర్బలా ఘటనలను కాలక్రమంలో వివరించి, విభేదం ఏ దశలో రాజకీయ పరిధిని దాటిందో కారణాలతో రాయండి.