కేస్ స్టడీ విశ్లేషణ: ఎనిమిదో తరగతిలో యాస వెక్కిరింత

(బి.ఇడి. బోధనాభ్యాస రికార్డు. పిల్లల పేర్లు మార్చాను.)

జరిగింది

సింహాచలం వాళ్ల కుటుంబం శ్రీకాకుళం వైపు నుంచి సెంట్రింగ్ పనికి హైదరాబాద్ శివారుకు వచ్చింది. జులైలో మా బడిలో చేరాడు. మొదటివారంలోనే "ఏటి సార్?" అని అడిగినందుకు క్లాసంతా నవ్వింది. అప్పటి నుంచి వాడి పేరు "ఏటి" అయిపోయింది. భోజనం లైన్లో "ఏటి వచ్చిండు, జరగుండ్రి" అంటారు. సెప్టెంబరులో వాడు పాఠం చదివిన తీరును నవీన్ అనుకరించి, వాయిస్ మెసేజ్‌గా క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ముప్పైమందికి పైగా విన్నారు. ఒక్కరూ వద్దనలేదు.

ఇప్పుడు హాజరు పిలిస్తే సింహాచలం "ప్రెజెంట్ సార్" అనడు, చెయ్యెత్తుతాడు. వడ్డించే ఆయమ్మకు కూడా కూర వేలితోనే చూపిస్తాడు.

విశ్లేషణ

ఇది సరదా కాదని ముందు తేల్చుకోవాలి. వేధింపును గుర్తించడానికి మనస్తత్వవేత్త డాన్ ఓల్వియస్ మూడు లక్షణాలు చెప్పాడు: బాధపెట్టే ఉద్దేశం, పదేపదే జరగడం, బలాబలాల్లో తేడా. చివరి రెండూ ఇక్కడ స్పష్టం. రెండు నెలలుగా సాగుతోంది, ఊరివాళ్లు ముప్పైమంది, వలస వచ్చినవాడు ఒక్కడు. ఉద్దేశం సంగతి అడిగితే నవీన్ "ఊకెనే అన్న సార్" అన్నాడు. వాడు అబద్ధం ఆడుతున్నాడని నేననుకోను. కానీ అవతలివాడు నోరు మూసుకున్నాక కూడా ఆపలేదంటే, అది ఊకెనే అన్నది కాదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది వేరే ఉంది. ఆ మొదటి "ఏటి"కి క్లాసు నవ్వినప్పుడు నేనూ చిన్నగా నవ్వాను. ముద్దుగా అనిపించి నవ్వాను. పిల్లలకు మాత్రం అది అనుమతి అయింది. సెప్టెంబరు 9న కాళోజీ జయంతి నాడు, మన యాసను తక్కువచేసి మాట్లాడితే ఎంత నొప్పో ఇదే క్లాసుకు చెప్పాను. ఆ నొప్పి మనకు తెలుసు. అదే మరొకరికి పెడుతున్నామని నాకు తట్టలేదు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది శ్రీకాకుళం దగ్గరే. ఆగస్టు 29న ఆయన ఫొటోకు దండ వేశాం, ఆ ప్రాంతపు పిల్లవాడిని రెండో బెంచీలో మూగవాణ్ణి చేశాం.

స్టాఫ్‌రూములో రెండు సలహాలు వచ్చాయి. అసెంబ్లీలో నవీన్‌ను నాలుగు తగిలించి క్షమాపణ చెప్పించమన్నారు ఒకరు, టీసీ ఇచ్చి పంపెయ్యమన్నారు మరొకరు. రెండూ చట్టవిరుద్ధం. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధిస్తుంది. 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి తీసేయకూడదు. చట్టం లేకపోయినా నేను ఒప్పుకోను. మిగతావాళ్లను భయపెట్టడానికి నవీన్‌ను వాడుకోవడం అవుతుంది. మనిషిని కేవలం సాధనంగా చూడొద్దని కాంట్ అన్నది తప్పు చేసినవాడికీ వర్తిస్తుంది. పైగా ఆ అసెంబ్లీలో సింహాచలం మళ్లీ అందరి కళ్లలో పడతాడు.

నా ప్రతిస్పందన

మొదట సింహాచలంతో, బడి వదిలాక, వరండాలో మాట్లాడతాను. "ఆ రోజు నేను నవ్వడం తప్పురా" అని చెప్పడంతోనే మొదలుపెడతాను. వాడు ఇప్పటికే "నాన్నకి సెప్పకండి సార్" అన్నాడు. చెప్పనని మాట ఇవ్వలేను. బడిలో జరిగేది తెలుసుకునే హక్కు ఆ తండ్రికి ఉంది. కానీ ఎప్పుడు, ఎలా చెప్పాలో వాడితో కలిసి నిర్ణయిస్తాను. బడి మాన్పిస్తారన్నదే వాడి భయమైతే, హెచ్.ఎం. గారితో కలిసి ఆయన పని లేని ఆదివారం ఇంటికే వెళతాను.

అదే రోజు ఆ మెసేజ్ గ్రూపులోంచి తీయిస్తాను. నవీన్‌తో విడిగా కూర్చుంటాను. "ఎందుకు చేశావ్?" అని అడిగితే సాకులే వస్తాయి. "వాడు హాజరుకు ఎందుకు పలకట్లేదనుకుంటున్నావ్?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగుతాను. సరిదిద్దడానికి ఏం చేస్తాడో వాడే చెప్పాలి. అది సింహాచలానికి సమ్మతమైతేనే ఇద్దర్నీ కలుపుతాను. నవీన్ తల్లిదండ్రులకూ తెలియజేస్తాను, ఇంట్లో కొట్టొద్దని అడుగుతాను.

క్లాసుతో సింహాచలం పేరెత్తకుండా, వాడు ఒప్పుకుంటేనే మాట్లాడతాను. ఒకే వస్తువుకు ఎవరింట్లో ఏ మాట వాడతారో అందర్నీ రాసుకు రమ్మంటాను. ఆ నవ్వుకు చూసి ఊరుకున్న ముప్పైమందీ బలమిచ్చారు, వాళ్లను వదిలేస్తే నవీన్ ఆపినా ఇంకొకడు మొదలుపెడతాడు.

నేను చూపిన శ్రద్ధ అవతలివాడికి చేరితేనే శ్రద్ధ అవుతుందని విద్యా తత్వవేత్త నెల్ నోడింగ్స్ వాదన. అందుకే హెచ్.ఎం. గారికి ఇచ్చే రిపోర్టులో "సమస్య పరిష్కరించబడింది" అని రాయను. మూడు వారాలపాటు హాజరు రిజిస్టరు పక్కన చిన్న గుర్తు పెట్టుకుంటాను: ఈ రోజు చెయ్యెత్తాడా, పలికాడా. మూడు వారాలకూ చెయ్యే లేస్తుంటే, హెచ్.ఎం. గారి ద్వారా కౌన్సెలర్ సాయం అడుగుతాను.