సీనియర్ డేటాబేస్ అడ్మిన్ పోస్టు: ఐదు రెజ్యూమెల ర్యాంకింగ్ వివరణ

హెచ్‌ఆర్ టీమ్‌కి నమస్కారం.

మీరు పంపిన ఐదు రెజ్యూమెలూ చదివి ర్యాంకులు వేశాను. మీ షీట్‌లో కీవర్డ్ మ్యాచ్ ప్రకారం వచ్చిన వరుసకీ నా వరుసకీ పొంతన లేదు. అక్కడ అన్నింటికంటే పైనున్న ఒకటో నంబర్ నా దగ్గర నాలుగో స్థానంలో ఉంది, చివరనున్న నాలుగో నంబర్ మొదటి స్థానంలో ఉంది. కారణం అడుగుతారని తెలుసు కాబట్టి వివరంగానే రాస్తున్నాను. పేర్లు, ఫొటోలు తీసేసి నంబర్లతో పంపినందుకు థాంక్స్. ఇక్కడా ఆ నంబర్లే వాడుతున్నాను.

ముందు కొలబద్ద సంగతి. జాబ్ డిస్క్రిప్షన్‌లో పద్నాలుగు అంశాలున్నాయి, అన్నింటికీ ఒకే బరువు ఇస్తే ఎవరి జాబితా పొడుగ్గా ఉంటే వాళ్లే గెలుస్తారు. ఈ ఉద్యోగంలో చేరేవాళ్లు మొదటి ఆరు నెలల్లో చేయాల్సిన పని ఏమిటని చూసుకుని, రెజ్యూమెలు తెరవకముందే మార్కులు ఇలా పంచాను: బ్యాకప్ నుంచి డేటాను తిరిగి నిలబెట్టడానికి 30, డేటా కాపీని ఇంకో సర్వర్ మీద ఎప్పటికప్పుడు నిలిపే రెప్లికేషన్‌కీ, ప్రధాన సర్వర్ ఆగితే ఆ కాపీకి మారే ఫెయిలోవర్‌కీ కలిపి 25, నెమ్మదించిన క్వెరీలను దారికి తేవడానికి 20, చేతిపనిని స్క్రిప్టుల్లోకి మార్చడానికి 15, ఆన్‌కాల్ అనుభవానికీ స్పష్టమైన రాతకీ కలిపి 10. మా టీమ్‌లోని ఇంకో సీనియర్ ఇంజనీర్ కూడా నా మార్కులు చూడకుండా విడిగా వేశారు. తర్వాత ఇద్దరం కూర్చుని తేడా వచ్చినచోట మాట్లాడుకున్నాం.

| నంబర్ | రిస్టోర్ (30) | రెప్లికేషన్ (25) | క్వెరీలు (20) | స్క్రిప్టులు (15) | ఆన్‌కాల్, రాత (10) | మొత్తం |
|---|---|---|---|---|---|---|
| 4 | 28 | 18 | 14 | 13 | 9 | 82 |
| 2 | 15 | 23 | 15 | 12 | 6 | 71 |
| 3 | 6 | 8 | 19 | 14 | 8 | 55 |
| 1 | 8 | 14 | 12 | 5 | 4 | 43 |
| 5 | 5 | 7 | 9 | 9 | 6 | 36 |

ప్రతి గడిలోనూ ఒకే ప్రశ్న వేసుకున్నాను: ఈ పని ఈ వ్యక్తి స్వయంగా చేశారనడానికి కాగితం మీద ఏముంది? టూల్ పేరు మాత్రమే ఉంటే ఆ గడిలో మూడో వంతు మార్కులు దాటనివ్వలేదు. ఏం చేశారో, ఎందుకు చేశారో, ఫలితం ఏమైందో ఉంటేనే పైకి వెళ్లాను.

నాలుగో నంబర్ రెజ్యూమె రెండే పేజీలు. రంగులు, చార్టులు ఏమీ లేవు. కానీ బ్యాకప్ గురించి రాసిన మూడు లైన్లు చదివితే చాలు, పని తెలిసిన మనిషని అర్థమవుతుంది. నెలకోసారి బ్యాకప్‌ను వేరే సర్వర్ మీద రిస్టోర్ చేసి, ముఖ్యమైన టేబుళ్లలో వరుసల లెక్క సరిచూసి, పట్టిన సమయం రాసి పెట్టేవారట. 1.2 టెరాబైట్ల డేటాబేస్ తిరిగి రావడానికి ఐదు గంటలు పడుతుంటే, సమాంతరంగా రిస్టోర్ చేసే పద్ధతికి మార్చి రెండు గంటల లోపుకి తెచ్చారు. బ్యాకప్ తీస్తున్నామని అందరూ రాస్తారు. తీసినది పనికొస్తుందో లేదో చూశామని రాసింది ఐదుగురిలో ఈ ఒక్కరే.

ఇంకో లైన్ కూడా మీ దృష్టికి తేవాలి, ఎందుకంటే కీవర్డ్ వెతుకులాటకి అది అందదు. ఒక పెద్ద టేబుల్ మీద `autovacuum_vacuum_scale_factor` విలువను 0.2 నుంచి 0.02కి తగ్గించామని రాశారు. అంటే ఏమిటంటే, పోస్ట్‌గ్రెస్‌లో ఒక వరుసను మార్చినా తీసేసినా పాతది వెంటనే పోదు, చెత్తగా అక్కడే ఉంటుంది. టేబుల్‌లో దాదాపు 20 శాతం అలా పేరుకున్నాక గానీ డిఫాల్ట్ సెట్టింగ్‌లో ఆటోమేటిక్ శుభ్రం మొదలు కాదు. 30 కోట్ల వరుసలున్న టేబుల్‌కి అది 6 కోట్ల చచ్చిన వరుసలు. చిన్న టేబుళ్లకి సరిపోయే సెట్టింగ్ పెద్దవాటికి సరిపోదని గ్రహించి, సర్వర్ మొత్తానికి కాకుండా ఆ ఒక్క టేబుల్‌కే మార్చడం చేయి తిరిగినవాళ్లు చేసే పని.

మరి మీ షీట్‌లో అడుగున ఎందుకుంది? ఫిల్టర్ వెతికింది `PostgreSQL` అనే పదాన్ని. ఈ రెజ్యూమె నిండా `Postgres` అనే ఉంది, మాటల్లో మేమంతా అనేదీ అదే. దయచేసి ఫిల్టర్‌లో రెండు రూపాలూ పెట్టండి. వీలైతే ఈ పోస్టుకి ఇంతకుముందు ఫిల్టర్ తోసేసిన దరఖాస్తుల మీద కూడా ఒకసారి మళ్లీ నడపండి.

అదే రెజ్యూమెలో పద్దెనిమిది నెలల ఖాళీ ఉందని మీరు పసుపు రంగులో గుర్తు పెట్టారు. దానికి నేను మార్కులు తగ్గించలేదు, ఫోన్‌లో కారణం అడగవద్దని కూడా కోరుతున్నాను. ఖాళీ తర్వాత మళ్లీ ఇదే పనిలో ఏడాదికి పైగా ఉన్నారు, మనకి కావలసిన సమాచారం అంతే. రెప్లికేషన్‌లో 18 మాత్రమే ఇవ్వడానికి కారణం, ఫెయిలోవర్ టూల్‌ను నడిపారే గానీ మొదటి నుంచీ కట్టినట్టు రాయలేదు. ఇంటర్వ్యూలో అక్కడే తవ్వుతాను.

రెండో నంబర్ మీద మా ఇద్దరికీ గట్టి వాదనే నడిచింది. ఐదేళ్ల అనుభవం, రెప్లికేషన్‌లో అందరికంటే బలం. పోస్ట్‌గ్రెస్ 11 నుంచి 15కి లాజికల్ రెప్లికేషన్ ద్వారా మారిన తీరును అడుగడుగునా రాశారు: కొత్త సర్వర్‌కి డేటా చేరుతుండగానే పాతది నడవడం, చివర్లో కొద్ది నిమిషాలు మాత్రం రాతలు ఆపడం, కొత్త వరుసలకి నంబర్లిచ్చే సీక్వెన్స్‌ల విలువలు రెప్లికేట్ కావు కాబట్టి వాటిని విడిగా సరిచేయడం. ఈ చివరిది చేసినవాళ్లకి మాత్రమే గుర్తుండే విషయం. అయితే బ్యాకప్ గురించి ‘బ్యాకప్‌ల నిర్వహణ’ అన్న రెండు మాటలు తప్ప ఇంకేమీ లేదు. ఫెయిలోవర్ ఇంత బాగా తెలిసినవారికి రిస్టోర్ రాకుండా ఉంటుందా అని నా సహోద్యోగి 22 ఇచ్చారు, నేను 10 ఇచ్చాను. నా వాదన ఇది: రెప్లికా బ్యాకప్ కాదు. ఎవరైనా పొరపాటున టేబుల్ తీసేస్తే క్షణాల్లో రెప్లికాలోనూ పోతుంది. అప్పుడు కావలసింది ఆ క్షణానికి ముందున్న స్థితికి డేటాను తేగలిగిన మనిషి. చివరికి 15 దగ్గర రాజీ పడ్డాం, నిజం ఫోన్ రౌండ్‌లో తేలుతుంది. అది బాగా చెప్తే మొదటి స్థానం మారినా ఆశ్చర్యపోను.

మూడో నంబర్ నిజానికి బ్యాకెండ్ డెవలపర్. క్వెరీ ఎలా నడిచిందో చూపే `EXPLAIN ANALYZE` ఫలితాన్ని చదివి, డేటాబేస్ ముందుగా వేసుకున్న వరుసల అంచనాకీ అసలు వచ్చిన లెక్కకీ తేడా ఎక్కడుందో పట్టుకుని, రెండు కాలమ్‌ల మధ్య సంబంధాన్ని స్టాటిస్టిక్స్‌లో చేర్చి సరిచేశానని రాశారు. అలాంటిచోట చాలామంది ఇంకో ఇండెక్స్ వేసి ఊరుకుంటారు. కానీ సర్వర్ బాధ్యత ఎప్పుడూ చేతిలో లేదు, ఆ మాట దాచలేదు కూడా. ఈ పోస్టుకి మూడో స్థానం, మనకి మాత్రం మంచి మనిషి. వచ్చే త్రైమాసికంలో తెరవబోయే ప్లాట్‌ఫామ్ డెవలపర్ పోస్టుకి ఇప్పుడే పక్కన పెట్టుకోండి.

ఇక ఒకటో నంబర్. పదకొండేళ్ల అనుభవం, ఆరు పేజీలు, చాంతాడంత టూల్స్ జాబితా, నాలుగు సర్టిఫికెట్లు. మొదటి ఎనిమిదేళ్లు ఒరాకిల్ మీద, చివరి మూడేళ్లు పోస్ట్‌గ్రెస్ మీద. ఒరాకిల్ అనుభవం తక్కువదేం కాదు, రెప్లికేషన్‌లో 14 వచ్చింది ఆ బలంతోనే. ఇబ్బంది పోస్ట్‌గ్రెస్ ప్రాజెక్టుల భాగంలో ఉంది. ‘RMAN ద్వారా పోస్ట్‌గ్రెస్ బ్యాకప్‌లు’, ‘పోస్ట్‌గ్రెస్ RAC క్లస్టర్’ అని రెండుచోట్ల ఉంది. RMAN ఒరాకిల్ వారి బ్యాకప్ టూల్, RAC ఒరాకిల్ వారి క్లస్టర్ పద్ధతి. పోస్ట్‌గ్రెస్‌కి ఈ రెండూ లేవు. పాత ప్రాజెక్టు పేరాని కాపీ చేసి డేటాబేస్ పేరు మాత్రం మార్చినట్టు కనబడుతోంది. అభ్యర్థే చేశారో, రెజ్యూమె దిద్దిపెట్టిన కన్సల్టెన్సీ చేసిందో మనకి తెలియదు కాబట్టి అబద్ధమని ఫైల్‌లో రాయవద్దు. ఆ రెండు లైన్లనూ లెక్కలోకి తీసుకోలేదు, అంతవరకే. మిగిలిన లైన్లన్నీ ‘బాధ్యత వహించాను’, ‘పాల్గొన్నాను’ అనే ముగుస్తాయి. ఏ లైనూ ఒక సమస్య పేరు చెప్పదు.

సర్టిఫికెట్ల మాటకొస్తే, ‘సర్టిఫికేషన్ ఉంటే ప్రాధాన్యం’ అన్న లైన్ జాబ్ డిస్క్రిప్షన్‌లో మా డ్రాఫ్ట్ తర్వాత చేరింది. దానికి నేను మార్కులు పెట్టలేదు. వచ్చేసారి ఆ లైన్ తీసేద్దాం. ఉంటే దరఖాస్తు చేసినవాళ్లు దాన్ని నమ్ముతారు, మనం లెక్కలోకి తీసుకోం, అది న్యాయం కాదు.

ఐదో నంబర్‌కి రెండేళ్ల అనుభవం, మనం అడిగింది నాలుగు. పైగా ఆ రెండేళ్లూ క్లౌడ్ కంపెనీ నడిపే మేనేజ్డ్ డేటాబేస్ మీదే. అక్కడ బ్యాకప్, ఫెయిలోవర్ వాళ్లే చూసుకుంటారు, మన సర్వర్లు మనమే నడుపుకుంటాం. ఇప్పటికి వద్దు.

మీరు చేయాల్సినవి: నాలుగు, రెండు నంబర్లకి ఈ వారమే ఫోన్ చేయండి. నెలకో వారం రాత్రి ఆన్‌కాల్ ఉంటుందని మొదటి కాల్‌లోనే చెప్పేయండి, చివర్లో తెలిస్తే ఇద్దరికీ సమయం వృథా. మూడో నంబర్‌కి ఫోన్ చేసి ఆన్‌కాల్‌కి సిద్ధమేనా అని మాత్రం కనుక్కోండి. ఒకటో నంబర్‌కి తిరస్కరణ మెయిల్ ఇప్పుడే పంపవద్దు. పై ఇద్దరిలో ఒకరు తప్పుకుంటే, ఆ పోస్ట్‌గ్రెస్ బ్యాకప్ లైన్ గురించి అరగంట మాట్లాడి చూస్తాను. ఐదో నంబర్‌కి మామూలు టెంప్లేట్ కాకుండా, అనుభవం తక్కువ కావడమే కారణమని, జూనియర్ పోస్టు వస్తే పిలుస్తామని రాయండి. అడుగుతున్న జీతం కాలమ్ నేను తెరవలేదు, ఫోన్ రౌండ్ అయ్యేదాకా నాకు చెప్పవద్దు.

ప్యానెల్‌లో నేనూ, మార్కులు వేసిన ఆ సహోద్యోగీ ఉంటాం. బుధ, గురువారాల్లో మధ్యాహ్నం మూడు నుంచి ఐదు వరకు ఇద్దరికీ ఖాళీ. ఒక్కొక్కరికి గంట చొప్పున స్లాట్లు పెట్టండి.