న్యూట్రల్ లోపంతో వోల్టేజీ హెచ్చుతగ్గులు: కాలిపోయిన పరికరాలపై ఫిర్యాదు

అనంతపురం,
05-05-2025.

అసిస్టెంట్ ఇంజనీరు గారికి,
ఆపరేషన్ సెక్షన్, విద్యుత్ పంపిణీ కార్యాలయం.

విషయం: కళ్యాణదుర్గం రోడ్డు వైపు మా వీధికి సరఫరా ఇచ్చే, వినాయకుడి గుడి పక్కనున్న 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ – న్యూట్రల్ సరిచేయించి, నష్టపరిహారం ఇప్పించవలసిందిగా వినతి.

అయ్యా,

ఏప్రిల్ 22 సాయంత్రం గాలివాన తర్వాత నుంచి మా వీధిలో కొన్ని ఇళ్లలో లైట్లు మసకబారుతున్నాయి, అదే సమయానికి పక్కిళ్లలో బల్బులు కళ్లు చెదిరేలా వెలిగి మాడిపోతున్నాయి. మూడు ఫేజుల సర్వీసు ఉన్న ఇంట్లో, మెయిన్ స్విచ్ ఆపి, మీటరు నుంచి వచ్చే వైర్ల దగ్గరే డిజిటల్ మల్టీమీటరుతో చూసిన రీడింగులు ఇవి (ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య, వోల్టుల్లో):

22-04-2025, రాత్రి 8.40: ఆర్ 203, వై 265, బి 249
27-04-2025, రాత్రి 9.15: ఆర్ 179, వై 284, బి 262
03-05-2025, రాత్రి 9.50: ఆర్ 149, వై 308, బి 280

240 వోల్టులకు 6 శాతం అటూ ఇటూ అనుకుంటే 226 నుంచి 254 మధ్య ఉండాలి. మే 3న ఏ ఒక్క ఫేజూ ఆ హద్దులో లేదు. గమనించవలసింది ఏమంటే, మూడు రోజులూ ఏ రెండు ఫేజుల మధ్య చూసినా దాదాపు 412 వోల్టులే ఉన్నాయి. అంటే 11 కేవీ వైపు నుంచి వచ్చే సరఫరాలో తేడా లేదు. 27న న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య 62 వోల్టులు, మే 3న 92 వోల్టులు చూపించింది. మామూలుగా అక్కడ రెండు మూడు వోల్టులకు మించి ఉండకూడదు. ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ బుషింగ్ దగ్గరో, మొదటి స్తంభం జంపర్ దగ్గరో జాయింటు వదులై ఉంటుందని మా అంచనా. రాత్రిపూట కూలర్లు, ఏసీలు ఎక్కువగా ఆర్ ఫేజు మీదే నడుస్తాయి కాబట్టి ఆ ఫేజు పడిపోయి, లోడు తక్కువున్న వై ఫేజు పైకి లేస్తోంది. పది రోజుల్లో రీడింగులు ఇంత దిగజారాయంటే జాయింటు రోజురోజుకూ కాలుతోందనే. పూర్తిగా తెగితే వీధంతా ఒక్క రాత్రిలో నష్టపోతుంది.

ఆర్ ఫేజు ఇంట్లో ఫ్రిజ్ కంప్రెసర్ కాలిపోయింది. తక్కువ వోల్టేజీకి మోటారు తిరగలేక, స్టార్టింగ్ కరెంటు ఆగకుండా లాగి వైండింగ్ మాడింది. గ్యాస్‌తో కలిపి రూ. 7,200 అయ్యింది. వై ఫేజు మీద ఒక టీవీ పవర్ బోర్డు (రూ. 2,900), ఒక వాషింగ్ మెషీన్ బోర్డు (రూ. 4,600), బి ఫేజు మీద ఇన్వర్టర్ చార్జింగ్ కార్డు (రూ. 2,300) పోయాయి. మొత్తం రూ. 17,000. టీవీ బోర్డు విప్పినప్పుడు, ఎక్కువ వోల్టేజీ వస్తే ముందుగా తానే పగిలే నల్లటి వేరిస్టర్ బిళ్ల రెండు ముక్కలై, పక్కనున్న ఫ్యూజ్ మసిబారి ఉంది. ఇది ఇంటి వైరింగ్ లోపం కాదనడానికి ఆ బోర్డును అలాగే ఉంచాము, మీరు చూడవచ్చు.

1912కు ఫోన్ చేసినప్పుడు లైన్‌మాన్ వచ్చి ఫ్యూజు వైరు మార్చి వెళ్లారు. దానితో ఈ సమస్య తీరదు. ట్రాన్స్‌ఫార్మర్‌కు ట్యాప్ ఉందనుకుని పెంచినా ప్రమాదమే, ఆర్ ఫేజుతో పాటు వై ఫేజు కూడా ఇంకా పైకి పోతుంది. కాబట్టి దయచేసి:

సరఫరా పూర్తిగా ఆపించి, న్యూట్రల్ బుషింగ్ నుంచి మా వీధి చివరి స్తంభం దాకా ప్రతి జాయింటూ విప్పి, శుభ్రం చేసి, బిగించాలి. లోడు నడుస్తుండగా న్యూట్రల్ విప్పితే మిగిలిన పరికరాలు కూడా ఆ క్షణంలోనే పోతాయి. అల్యూమినియం వైరు రాగి బుషింగ్‌కు కలిసే చోట బైమెటాలిక్ లగ్ వేయాలి. ఈ ఎండలకు ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్ గుంతలు ఎండి ఉంటాయి, నీళ్లు పోయించి ఎర్త్ రెసిస్టెన్స్ కొలవాలి. ఆ తర్వాత రాత్రి 8 నుంచి 10 మధ్య టాంగ్ టెస్టరుతో మూడు ఫేజుల కరెంటూ చూసి, ఆర్ మీది సర్వీసులు కొన్ని మిగతా రెండింటికీ మార్చాలి. చివరి స్తంభం దగ్గర వారం రోజులు వోల్టేజీ రికార్డు చేయించి, ఆ నకలు మాకు ఇవ్వాలి.

న్యూట్రల్ పని మాత్రం ఇవాళే జరగాలి. స్విచ్ బోర్డులో న్యూట్రల్‌ను ఎర్త్‌తో కలిపి వాడుకునే ఇళ్లు పాత వీధుల్లో ఉంటాయి, అలాంటి ఇంట్లో 92 వోల్టులు ఫ్రిజ్ తలుపు మీదికే వస్తాయి. చెప్పులు లేకుండా వంటింట్లో తిరిగే పిల్లలు, ఆడవాళ్లు ఉన్నారు.

పరిహారం కోసం రిపేరు బిల్లులు జత చేస్తున్నాము. ఈ కార్యాలయంలో తేలకపోతే విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 42(5) కింద ఏర్పాటైన విద్యుత్ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార ఫోరానికి దరఖాస్తు చేసుకుంటాము. ఈ లేఖ అందినట్టు నకలు మీద తేదీ, ముద్ర వేసి ఇప్పించగలరు.

ఇట్లు,
ట్రాన్స్‌ఫార్మర్ పరిధిలోని వినియోగదారులము
(సంతకాలు, సర్వీసు నంబర్లు వెనుక పేజీలో)

జత: మీటరు రీడింగుల ఫొటోలు, రిపేరు బిల్లులు నాలుగు, 1912 ఫిర్యాదు వివరాలు.