పేస్‌మేకర్ ఇంప్లాంట్ రికార్డు కార్డు

కార్డియాలజీ విభాగం, క్యాత్ ల్యాబ్, వరంగల్
పేషెంట్ ప్రతి. ఎప్పుడూ వెంట ఉంచుకోవాలి.

పేరు: సమ్మయ్య గారు. వయసు 64, పురుషుడు. పత్తి, మిర్చి రైతు, పరకాల మండలం.
పథకం: రాజీవ్ ఆరోగ్యశ్రీ.
జబ్బు: పూర్తి హార్ట్ బ్లాక్. పత్తి చేనులో కళ్లు తిరిగి రెండుసార్లు పడిపోయారు, వచ్చినప్పుడు నాడి నిమిషానికి 34.
అలర్జీ: తెలిసినవి లేవు. షుగరు ఉంది, మాత్రలు వాడుతున్నారు. రక్తం పలచబరిచే మందులు వాడడం లేదు.
ఆపరేషన్ తేదీ: 9 డిసెంబర్ 2025, మంగళవారం.
పెట్టిన చోటు: ఎడమ ఛాతీ, కాలర్ బోన్‌కి కింద, చర్మం అడుగున, కండరం పైన. వైర్లు ఎడమ చంక సిర గుండా వెళ్లాయి.

లోపల ఉన్న వస్తువులు మూడు

1. పేస్‌మేకర్ బాక్స్. రెండు గదుల రకం, నడకను బట్టి వేగం పెంచుకునేది (డీడీడీఆర్). సీరియల్ నంబరు RNB407218G.
2. పైగది వైర్. స్క్రూ రకం, పొడవు 52 సెం.మీ. కొన గుండె కుడి పైగదిలో ఉంది. సీరియల్ నంబరు PJN6150832.
3. కింది గది వైర్. స్క్రూ రకం, పొడవు 58 సెం.మీ. కొన గుండె కుడి కింది గదిలో, మధ్య గోడకు బిగించి ఉంది. సీరియల్ నంబరు PJN6152294.

పేస్‌మేకర్‌కి, దాని వైర్లకి మాత్రల పెట్టె మీద ఉండేలాంటి బ్యాచ్ నంబరు పని చేయదు. ఒక్కో వస్తువుకు ఒక్కో సీరియల్ నంబరు ఉంటుంది. కంపెనీ ఎప్పుడైనా కొన్ని పరికరాలను వెనక్కి పిలిస్తే ఈ నంబర్లను బట్టే మీది అందులో ఉందో లేదో చెప్పగలం. అందుకే బ్యాచ్ గడిలో వాటినే రాశాం. కంపెనీ పేరు, మోడల్ నంబరు ఉన్న అసలు స్టిక్కర్లు మూడూ కార్డు వెనక అంటించాం. వాటిని పీకకండి. లామినేషన్ చేయించే షాపులో కూడా రెండు వైపులా కనిపించేలా చేయమని చెప్పండి.

ఆపరేషన్ రోజు కొలతలు: పైగది వైర్ థ్రెషోల్డ్ 0.8 వోల్టులు, నిరోధం 540 ఓములు, పీ వేవ్ 2.8 మిల్లీవోల్టులు. కింది గది వైర్ థ్రెషోల్డ్ 0.6 వోల్టులు, నిరోధం 720 ఓములు, ఆర్ వేవ్ లేదు, ఎందుకంటే ఆ సమయానికి గుండె పూర్తిగా పేసింగ్ మీదే నడుస్తోంది. సెట్టింగ్: కనిష్ఠం నిమిషానికి 60, గరిష్ఠం 130. ఈ పేరా చెక్ చేసే డాక్టర్ల కోసం, మీరు గుర్తుంచుకోవాల్సిన పని లేదు. ఒక్క 60 మాత్రం గుర్తు పెట్టుకోండి.

ఆపరేషన్ నోట్స్ నుంచి కార్డులోకి ఎలా వచ్చింది

ఈ భాగం తర్వాత చూసే ఆసుపత్రి వాళ్ల కోసం. వాళ్లు పాత నోట్స్ తెప్పించుకుంటే రెండు చోట్ల తికమక పడతారు. అందుకే ముందే రాస్తున్నాం.

మొదటిది వైర్ల స్టిక్కర్ల సంగతి. నోట్స్‌లో కింది గది వైర్‌కి రెండు స్టిక్కర్లు ఉన్నాయి. PJN6152287 నంబరుది టేబుల్ మీద పరీక్షించినప్పుడు స్క్రూ సరిగా బయటికి రాలేదు. దాన్ని శరీరంలోకి పంపకుండానే పక్కన పెట్టి కొత్త ప్యాకెట్ తెరిచారు. పాత స్టిక్కర్ మీద అడ్డంగా గీత కొట్టి 'వాడలేదు' అని రాసి ఉంది, కానీ జిరాక్స్‌లో ఆ గీత సరిగా పడలేదు. క్యాత్ ల్యాబ్ రిజిస్టర్, స్టోర్ వాపసు రసీదు రెండూ చూసి సరిపోల్చాం. సమ్మయ్య గారి గుండెలో ఉన్నది 2294తో ముగిసేదే. 2287తో ముగిసేది కంపెనీకి తిరిగి వెళ్లింది. సిరలోకి దారి చేసిన షీత్ స్టిక్కర్ కూడా అదే పేజీలో ఉంది. అది పని అయ్యాక తీసేసే వస్తువు, లోపల మిగల్లేదు, కాబట్టి కార్డులోకి రాదు.

రెండోది ఎడమ, కుడి. నోట్స్ రెండో పేజీలో ఒక వాక్యంలో 'కుడి వైపు పాకెట్' అని ఉంది. మిగతా అంతటా, అనుమతి పత్రంలో, 10 డిసెంబర్ ఛాతీ ఎక్స్‌రేలో ఎడమే. 'కుడి కింది గది వైర్' అని రాస్తూ రాస్తూ ఆ 'కుడి' పాకెట్‌కి కూడా అంటుకున్నట్టుంది. ఆపరేషన్ చేసిన కార్డియాలజిస్ట్ చూసి, ఆ వాక్యం పక్కన సవరణ రాసి సంతకం చేశారు. సమ్మయ్య గారూ, ఎవరైనా అడిగితే ఇలా చెప్పండి: బాక్స్ ఎడమ ఛాతీలో ఉంది, వైర్ల కొనలు గుండె కుడి గదుల్లో ఉన్నాయి. రెండూ నిజమే.

సీరియల్ నంబర్లను ఒకరు స్టిక్కర్ చూసి చదవగా ఇంకొకరు రాశారు, తర్వాత బార్‌కోడ్ స్కాన్‌తో సరిచూశాం.

డాక్టర్లకు, ల్యాబ్ వాళ్లకు చూపించాల్సిన హెచ్చరికలు

ఎమ్మారై: బాక్స్, రెండు వైర్లు మూడూ కలిపి 1.5 టెస్లా మెషిన్‌లో షరతులతో తీయదగినవే. లోపల వదిలేసిన పాత వైర్లు లేవు. అయినా 20 జనవరి 2026కి ముందు వద్దు. ఆ తర్వాత కూడా పేస్‌మేకర్‌ని ఎమ్మారై మోడ్‌లోకి మార్చి, స్కాన్ అంతసేపూ గుండె చప్పుడు గమనించి, అయ్యాక మళ్లీ మామూలు సెట్టింగ్‌కి తెచ్చే వసతి ఉన్న చోటే తీయాలి. 'కొత్త రకం పేస్‌మేకరే కదా, ఏమీ కాదు' అని ఎవరైనా అంటే ఆ మాట మీద లోపలికి వెళ్లకండి.

ఎక్స్‌రే, సీటీ, అల్ట్రాసౌండ్ స్కాన్, ఈసీజీ మామూలుగా తీయవచ్చు.

వేరే ఆపరేషన్ ఏదైనా చేయాల్సి వస్తే కాటరీ వాడేముందు పేస్‌మేకర్ చెక్ చేయించాలి. బైపోలార్ మేలు. మోనోపోలార్ తప్పనిసరైతే కరెంటు దారి బాక్స్ మీదుగా పోకుండా ప్లేట్ పెట్టాలి. షాక్ ఇవ్వాల్సి వస్తే ప్యాడ్ బాక్స్ మీద వేయవద్దు, కనీసం 8 సెం.మీ. దూరం ఉంచండి. ఎడమ కాలర్ బోన్ కింద సెంట్రల్ లైన్ వేయవద్దు. ఫిజియోథెరపీలో షార్ట్ వేవ్ డయాథర్మీ అసలే వద్దు. నొప్పులకు పెట్టే కరెంటు మెషిన్ మమ్మల్ని అడగకుండా వద్దు. కిడ్నీ రాళ్లను బయటినుంచి పగలగొట్టడానికి, రేడియేషన్ చికిత్సకు ముందు కూడా మాట్లాడండి. పన్ను పీకించుకోవాలంటే పేస్‌మేకర్ ఉందన్న కారణంతో ప్రత్యేకంగా యాంటీబయాటిక్ అక్కర్లేదు.

ఇంట్లో, పొలంలో

20 జనవరి 2026 దాకా ఎడమ మోచేయి భుజం కన్నా పైకి ఎత్తవద్దు. వైర్ల కొనలు గుండె గోడకు పట్టుకోవడానికి ఆ సమయం కావాలి. చేయి అసలే కదపకుండా కట్టేసుకుని కూర్చోవడమూ తప్పే, భుజం బిగుసుకుపోతుంది. అన్నం తినడం, చొక్కా వేసుకోవడం, మెల్లగా ఊపడం చేయండి. పత్తి బస్తాలు, నీళ్ల బిందెలు, మోపులు వద్దు. ట్రాక్టర్ కుదుపులు కూడా అప్పటిదాకా వద్దు.

స్ప్రేయర్ గురించి మీ అబ్బాయి అడిగారు. వీపున వేసుకునే స్ప్రేయర్ పట్టీ సరిగ్గా బాక్స్ మీదుగా పోతుంది. మందు నిండితే ఆ బరువంతా అక్కడే పడి చర్మం ఒరుసుకుపోతుంది. పెట్రోల్‌ది అయితే నడుస్తున్న ఇంజన్ కూడా ఒంటికి ఆనుకునే ఉంటుంది. ఆరు వారాల తర్వాత కూడా ఈ పని మీరు చేయవద్దు. ఇంట్లో వేరే వాళ్లతోనో, కూలీతోనో కొట్టించండి. మోటార్ స్టార్టర్ స్విచ్ వేయడం, తీయడం ఫర్వాలేదు, కానీ మూత తీసి వైర్లు కలపడం మానేయండి. వెల్డింగ్ చేసే చోట నిలబడవద్దు.

సెల్‌ఫోన్ ఎడమ జేబులో పెట్టే అలవాటు ఈ రోజుతో మానేయాలి. బాక్స్‌కి కనీసం 15 సెం.మీ. దూరం ఉండాలి, మాట్లాడేటప్పుడు కుడి చెవికి పెట్టుకోండి. ఇండక్షన్ పొయ్యి వెలుగుతుంటే రెండడుగుల దూరం. గ్యాస్ పొయ్యి, మిక్సీ, టీవీ, ఫ్యాన్‌తో ఏ ఇబ్బందీ లేదు. పెద్ద స్పీకర్లలో బలమైన అయస్కాంతాలు ఉంటాయి, డీజే బాక్స్‌కి ఛాతీ ఆనించి నిలబడవద్దు.

జనవరి చివర మేడారం జాతరకు వెళ్లొచ్చా అని డిశ్చార్జ్ రోజే అడిగారు. అప్పటికి ఆరు వారాలు దాటుతాయి, ముందు చెకప్‌కి వచ్చి గాయం చూపించుకుని వెళ్లండి. బంగారం ఎత్తు మాత్రం మీరు మోయవద్దు, ఇంట్లో వాళ్లు మోస్తారు. గద్దెల దగ్గర తోపులాటలోకి ఎడమ వైపు పెట్టి దూరకండి. గుళ్ల దగ్గర మెటల్ డిటెక్టర్ గేటు దాటేటప్పుడు ఆగకుండా నడిచి వెళ్లండి. చేతి డిటెక్టర్ ఛాతీ మీద తిప్పబోతే ఈ కార్డు చూపించండి.

వెంటనే రావాల్సిన లక్షణాలు

బాక్స్ మీద వాపు, ఎరుపు, చీము, జ్వరం. ఎడమ చేయి ఉబ్బడం. ఆగని ఎక్కిళ్లు. మళ్లీ కళ్లు తిరగడం, పడిపోవడం, ఆయాసం. రోజూ పొద్దున లేవగానే మణికట్టు దగ్గర నాడి నిమిషం పాటు లెక్కపెట్టండి. 60కి బాగా తక్కువగా వస్తే కాసేపు ఆగి మళ్లీ చూడండి, అలాగే ఉంటే బయలుదేరండి. స్పృహ తప్పితే ఇంట్లో వాళ్లు 108కి ఫోన్ చేయాలి.

వాపు కనిపిస్తే ఊళ్లో ఆర్ఎంపీతో సూది గుచ్చి నీరు తీయించకండి. ఇది చాలా ముఖ్యం. ఆ సూదితో క్రిములు లోపలికి పోతే బాక్స్, వైర్లు అన్నీ తీసేయాల్సి వస్తుంది. మాకు చూపించే దాకా దానిమీద చేయి వేయనివ్వకండి.

చెకప్‌లు, బ్యాటరీ

గాయం చూడడానికి 19 డిసెంబర్ 2025, మొదటి పూర్తి చెకప్ 20 జనవరి 2026. ఆ తర్వాత మార్చిలో ఒకసారి, అక్కడి నుంచి ఆరు నెలలకోసారి. ఒంట్లో బాగానే ఉందని మానేయకండి. బ్యాటరీ తగ్గేది లోపల మీకు తెలియదు, మెషిన్‌కి తెలుస్తుంది. సాధారణంగా ఎనిమిది నుంచి పన్నెండేళ్లు వస్తుంది, మీ గుండె ఎక్కువ సమయం దానిమీదే నడుస్తుంది కాబట్టి పూర్తి పన్నెండు రావచ్చని లెక్కవేసుకోకండి. బయటినుంచి చార్జింగ్ పెట్టేది కాదు. అయిపోయేముందు బాక్స్ మారుస్తాం, వైర్లు బాగుంటే వాటినే ఉంచుతాం.

కుటుంబ సభ్యులకు ఒక మాట. ఎన్నేళ్ల తర్వాతైనా సరే, మనిషి పోయాక దహనం చేసే ముందు బాక్స్ తీయించాలి. మంటలో అది పేలుతుంది. దగ్గర ఆసుపత్రిలో ఈ కార్డు చూపిస్తే తీసిస్తారు.

కార్డు పోతే ఆసుపత్రి ఓపీ చీటీతో క్యాత్ ల్యాబ్ రిజిస్టర్ గదికి రండి, ఈ మూడు నంబర్లూ అక్కడ ఉన్నాయి. ఒక ప్రతి కేస్ షీట్‌లో, ఒకటి కంపెనీ రిజిస్ట్రేషన్‌కి, ఇంకొకటి మీ అబ్బాయి ఫోన్‌లో ఫొటోగా ఉంది.

తయారు చేసింది: స్టాఫ్ నర్స్, క్యాత్ ల్యాబ్. సరిచూసింది: ఆపరేషన్ చేసిన కార్డియాలజిస్ట్. కార్డు ఇచ్చిన తేదీ 12 డిసెంబర్ 2025. సమ్మయ్య గారికి, వారి అబ్బాయికి చదివి వినిపించాం, వేలిముద్ర, సంతకం తీసుకున్నాం.