జీడి మరక

ఎనిమిది మంది ఆడే హత్యా నాటకం. స్థలం పలాస, ఆషాఢమాసం, వాన రాత్రి. 8:10కి కరెంటు పోయింది, 8:30కి వచ్చింది. అప్పటికి జీడిపప్పు వ్యాపారి సన్యాసిరావు గొడౌనులో బీరువా ముందు చచ్చిపడి ఉన్నాడు. పక్కనే బుడితి ఇత్తడి చెంబు, కడిగేసి ఉంది.

నడిపేవారికి: హంతకులెవరో ఆ పాత్రధారి చెవిలోనే చెప్పండి. అబద్ధమాడే హక్కు హంతకులకే. మిగతావాళ్లు దాచొచ్చు, బొంకకూడదు. ఆట కోసం నిజం గోరింటాకు పెట్టకండి, వారం దాకా పోదు. చీటీ చాలు.

పాత్రలు
రాజేశ్వరి: భార్య. గొడౌను తాళం ఈమె కొంగునే.
చిన్నారావు: తమ్ముడు. వ్యాపారంలో సగం వాటా ఉంది, కాగితం మాత్రం అన్న బీరువాలో.
భారతి: చిన్నారావు భార్య. తన నగలు కుదువపెట్టి బావగారికి పెట్టుబడి ఇచ్చింది.
కిరణ్: కొడుకు. విశాఖలో హోటల్ పెడతానని పొద్దునే తండ్రితో గొడవ. చొక్కా చిరిగింది.
సత్యం: గుమాస్తా. ఖాతాలో రెండు పేజీలు చించాడు.
అప్పలమ్మ: జీడి పిక్కలు కొట్టే మనిషి. చేతులు నల్లగా ఉంటాయి.
పాత్రో: బరంపురం బ్రోకరు. రైలెక్కుతానన్నాడు, గొడుగు మాత్రం గొడౌనులో దొరికింది.
ఎస్.ఐ.: ఆధారాలు చదివి వినిపిస్తాడు.

మొదటి వంతు
ఎస్.ఐ.: అప్పలమ్మా, ఏటీ ఆ చేతులు?
అప్పలమ్మ: ఇరవై ఏళ్లుగా ఇంతే బాబూ. పిక్క కొడితే నల్లబడవా? బూడిద రాసుకున్నా ఆగదు.
పాత్రో: గొడుగు మధ్యాహ్నమే మర్చిపోయాను సార్.
రాజేశ్వరి: గోరింటాకు ఐదింటికి పెట్టుకున్నాను. తాళం తీసిందెవరో నేను చూడలేదు.
భారతి: నేనూ అప్పుడే పెట్టుకున్నాను. ఆ చేతులతో చెంబెలా పట్టుకుంటాను?

(ఇక్కడ పది నిమిషాలు వదిలెయ్యండి. అందరూ కిరణ్ చొక్కా మీద పడతారు. పడనివ్వండి.)

రెండో వంతు: చీటీలు ఒక్కొక్కటే ఇవ్వండి
1. సత్యం: "దొంగలకు భయపడి అయ్యగారు బీరువా పిడికి జీడి నూనె రాయమన్నారు. నేనే రాశాను. సబ్బుకు పోదు. పేజీలు చించింది నా అడ్వాన్సు దాచడానికి."
2. కిరణ్ ఫోన్‌లో ఏడింటి ఫొటో: అమ్మ చేతుల నిండా గోరింటాకు, వెనక పాత్రో బీరువా వైపు చూస్తున్నాడు, భారతి పకోడీల పళ్లెం అందిస్తోంది.
3. పదిన్నరకు చేతులు కడిగాక: రాజేశ్వరి చేయి ఎర్రగా పండింది. భారతి అరచేయి లేత నారింజ రంగు, కుడిచేతి వేళ్ల కొసలు మాత్రం నల్లటి గోధుమ రంగు.

అందరూ పేర్లు రాసి ఇచ్చాక
ఎస్.ఐ.: పళ్లెం పట్టుకున్న చేతులకు గోరింటాకు ఏది భారతిగారూ? ఒకే ఆకు, అరచేతికి ఒక రంగు, వేళ్లకు ఇంకో రంగా?
భారతి: వాటా కాగితం తీసుకుందామని వెళ్లాను. బావగారు చూసేశారు. మరక పోలేదు, అందుకే మిగిలిన ముద్ద పూసుకున్నాను.
చిన్నారావు: ఆ కాగితం ఇమ్మని అన్నయ్యను నువ్వొక్కసారి అడగలేదేం?